కోల్డ్ బ్రూ చేదెక్కుతోందా? ముందు పొడి మార్చండి

"ఫిల్టర్ కాఫీ పొడి నీళ్లలో కలిపి ఒక రోజంతా బయటే ఉంచాను. చేదుగా, మడ్డిగా వచ్చింది. పాలు పోస్తే పల్చబడింది. ఫ్రిజ్‌లో ఎన్ని రోజులు ఉంటుంది?"

అసలు చిక్కు పొడితోనే అండీ. ఫిల్టర్ పొడి మెత్తగా ఉంటుంది, చాలావాటిలో చికోరీ కూడా కలుస్తుంది. మెత్తని పొడి గంటల తరబడి నానితే చేదంతా దిగుతుంది, గుడ్డలోంచి మడ్డీ జారిపోతుంది. చికోరీ లేని గింజలు తీసుకుని బొంబాయి రవ్వలా బరకగా ఆడించమనండి. అరకు అరబికా అయితే మరీ మంచిది.

100 గ్రాముల పొడికి అర లీటరు చల్లని నీళ్లు. పొడి అంతా తడిసేలా కలిపి, మూతపెట్టి ఫ్రిజ్‌లోనే 16 నుంచి 18 గంటలు ఉంచండి. మన ఎండల్లో బయట అంతసేపు వద్దు. ముందు జల్లెడలో, తర్వాత తడిపిన పల్చటి గుడ్డలో వడకట్టండి. ఆశకొద్దీ పిండకండి, పిండితే మళ్లీ మడ్డి దిగుతుంది. పొడి చాలా నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి 300 మిల్లీలీటర్ల చిక్కని డికాక్షన్ వస్తే సరిపోయినట్టే.

తాగేటప్పుడు దీనికి సమానంగా చల్లని పాలు, లేదా ఒకటిన్నర రెట్లు నీళ్లు. ఐసు వేస్తే నీళ్లు తగ్గించండి, అదీ కరిగేదేగా!

ఏమీ కలపని డికాక్షన్ శుభ్రమైన గాజు సీసాలో వారం ఉంటుంది. నీళ్లు కలిపితే రెండు రోజులు, పాలు కలిపితే ఆ రోజే. పులిసిన వాసనొచ్చినా, పైన తెట్టు కట్టినా పారబోయండి.