స్కాన్ చేయించిన సూపర్ 8 పెళ్లి రీలు: ముందు ఫ్రేముల లెక్క, ఆ తర్వాతే దుమ్ము

ప్రశ్న: మా అమ్మానాన్నల పెళ్లి సూపర్ 8 రీళ్లు స్కాన్ చేయించాం. ఎంపీ4 ఫైళ్లు ఇచ్చారు. నిండా నల్ల చుక్కలు, నిలువు గీతలు, పైగా వెలుతురు మినుకుమినుకుమంటోంది. డస్ట్ రిమూవల్ పెడితే చుక్కలు పోవట్లేదు, స్ట్రెంగ్త్ పెంచితే మనుషుల వేళ్లు మాయమైపోతున్నాయి. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు:

తప్పు సాఫ్ట్‌వేర్‌లో కంటే మీకిచ్చిన ఫైల్లోనే ఉందనిపిస్తోంది. మా పెద్దమామయ్య పెళ్లి రీలుతో నాకూ అచ్చం ఇదే జరిగింది. 1979లో తెనాలిలో తీసింది, 50 అడుగుల రీలు, మూకీ. నేను రెండు వారాలు సెట్టింగులు మార్చి మార్చి విసిగిపోయాక అసలు సంగతి తెలిసింది.

ఫైలును ప్లేయర్‌లో ఆపి, ఒక్కో ఫ్రేమూ ముందుకు జరుపుతూ ఒక నల్ల చుక్క మీదే కన్ను పెట్టండి. దుమ్ము కణం ఫిల్ములో ఒక్క ఫ్రేము మీదే కూర్చుంటుంది. అంటే ఒక్కసారి నొక్కగానే ఆ చుక్క పోవాలి. మా ఫైల్లో చుక్క రెండు నొక్కుల దాకా కదల్లేదు, బొమ్మ కూడా కదల్లేదు. సూపర్ 8 మూకీ రీలు మామూలుగా సెకనుకు 18 ఫ్రేముల లెక్కన తీస్తారు. ల్యాబ్ వాళ్లు దాన్ని సెకనుకు 30 ఫ్రేముల వీడియోగా ఇచ్చారు. 18ని 30 చేయాలంటే ప్రతి మూడు ఫిల్ము ఫ్రేములకూ ఐదు వీడియో ఫ్రేములు కావాలి కాబట్టి మూడింట్లో రెండు ఫ్రేములు రెండేసి సార్లు పడతాయి.

దుమ్ము తీసే టూల్స్ ఎక్కువగా చేసేది ఇదే: ముందు ఫ్రేములోనూ తర్వాత ఫ్రేములోనూ లేనిది ఈ ఫ్రేములో ఉందా అని చూస్తుంది. ఉంటే అది దుమ్మని తేల్చి, పక్క ఫ్రేముల్లోంచి ఆ చోటును నింపుతుంది. ఫ్రేము రెండుసార్లు పడితే చుక్క కూడా పక్క ఫ్రేములో ఉంటుంది. అప్పుడు టూల్ దాన్ని బొమ్మలో భాగమే అనుకుంటుంది. మీ చుక్కలు పోకపోవడానికి కారణం ఇదే అయ్యుండాలి. స్ట్రెంగ్త్ పెంచారనుకోండి, నిలకడగా ఉన్న చుక్కల్ని వదిలేసి, వేగంగా కదిలే వేళ్లనే దుమ్మనుకుంటుంది.

కాబట్టి మొదటి పని, ఒక ఫిల్ము ఫ్రేముకు ఒక వీడియో ఫ్రేము ఉండేలా వెనక్కి తేవడం. 50 అడుగుల సూపర్ 8లో 3600 ఫ్రేములుంటాయి, 18 లెక్కన 3 నిమిషాల 20 సెకన్లు. 30 ఫ్రేముల ఫైల్లో అవే 6000 అవుతాయి. ffmpeg అనే కమాండ్ లైన్ టూల్‌తో నకలు ఫ్రేములు తీసేయడానికి నేను వాడింది ఇది:

```
ffmpeg -i reel.mp4 -vf "mpdecimate,setpts=N/18/TB" -r 18 -an -c:v prores_ks -profile:v 3 reel18.mov
```

తర్వాత ఎన్ని ఫ్రేములు మిగిలాయో లెక్క పెట్టించాలి:

```
ffprobe -v error -count_frames -select_streams v:0 -show_entries stream=nb_read_frames -of csv=p=0 reel18.mov
```

3600కి దగ్గర్లో వస్తే సరిపోయినట్టే. బాగా తగ్గితే, కదలిక లేని షాట్లలో అసలు ఫ్రేముల్నే నకళ్లనుకుని తీసేసిందని అర్థం. ఎంపీ4 చేసేటప్పుడు గ్రెయిన్ నున్నగా చెరిగిపోయి ఉంటే ఇలా జరుగుతుంది, ఎందుకంటే ఫ్రేముకూ ఫ్రేముకూ తేడా చూపించేది ఆ గ్రెయినే. ఇంకో సంగతి. కొన్ని ఫైళ్లలో ఫ్రేములు రెండుసార్లు పడవు, రెండు ఫ్రేములు కలిసిపోయి ఉంటాయి. చెయ్యి నీడలా రెండుగా కనబడుతుంది, చుక్క సగం బూడిద రంగులో ఉంటుంది. దానికి తేలికైన మందు లేదు, మళ్లీ స్కాన్ చేయించుకోవడమే మేలు.

అసలు రీలు మీ చేతిలో ఉంది కాబట్టి వీలైతే ఎలాగూ మళ్లీ చేయించండి. నేను చివరికి వేరే ల్యాబ్‌కి ఇచ్చి నాలుగు మాటలు కాగితం మీద రాసి పంపాను: ఫ్రేముకు ఒకే ఫ్రేము, నాయిస్ రిడక్షన్ వద్దు, షార్పెనింగ్ వద్దు, ఆటో ఎక్స్‌పోజర్ ఆపండి. స్కాన్‌కి ముందు ఫిల్మును పోగులు రాలని మెత్తటి బట్టతో తుడవమని కూడా అడిగాను. నీళ్లు మాత్రం తగలనివ్వకండి, బొమ్మ ఉండే ఎమల్షన్ పొర ఉబ్బుతుంది. డబ్బా తెరవగానే వెనిగర్ వాసన కొడితే ఇంట్లో ఏమీ తుడవకుండా నేరుగా ల్యాబ్‌కి ఇవ్వండి.

ఆటో ఎక్స్‌పోజర్ ఆపమన్నది మినుకు గురించే. మా మొదటి స్కాన్‌లో తెల్ల పంచె కట్టుకున్న ఆయన అడ్డంగా నడిస్తే చాలు, పందిరంతా మసకబడేది, ఆయన దాటగానే వెలుగొచ్చేది. అలా నెమ్మదిగా ఊపిరి తీసినట్టు వెలుతురు మారితే అది స్కానర్ చేసిన పని అయ్యుండొచ్చు. అదే అయితే మళ్లీ స్కాన్ చేస్తే పోతుంది. అలా కాకుండా ఫ్రేము ఫ్రేముకూ వణికితే ఫిల్ములోనే ఉందనుకోవచ్చు. ఇక ప్రొజెక్టర్‌తో గోడ మీద వేసి కెమెరాతో తీసిన వీడియో అయితే లెక్క వేరు. మూడు రెక్కల షట్టర్ ఉన్న ప్రొజెక్టర్ 18 వేగంలో సెకనుకు 54 సార్లు వెలిగి ఆరుతుంది, కెమెరా 25 ఫ్రేములు తీస్తుంది. రెండూ కుదరక మినుకు వస్తుంది. స్పీడు మార్చుకునే వీలుంటే ప్రొజెక్టర్‌ని సుమారు 16.7కి తగ్గించండి. అప్పుడు సరిగ్గా 50 మెరుపులు పడతాయి. కెమెరా షట్టర్ 1/50 పెడితే మినుకు దాదాపు పోతుంది.

ఫిల్ములో ఉన్న మినుకును దుమ్ము కంటే ముందే తీయాలి. పక్క ఫ్రేముల వెలుతురు ఒకేలా లేకపోతే పోలిక తప్పుతుంది. అయితే రీలు మొత్తానికి ఒకేసారి డీఫ్లికర్ పెట్టకండి. ఇది చుట్టుపక్కల ఫ్రేముల సగటు వెలుతురు చూసి సరిచేస్తుంది. ఎండలో ఊరేగింపు అయిపోయి చీకటి గదిలో షాట్ మొదలయ్యే చోట ఆ సగటు రెండిటికీ మధ్య పడి, కొన్ని ఫ్రేములు తెల్లగానో నల్లగానో పాకుతాయి. షాట్లు విడగొట్టి ఒక్కోదానికీ పెట్టండి. షాట్ మొదటి ఒకటి రెండు ఫ్రేములు తెల్లగా మెరిసి ఉంటే అవి విడిగా కత్తిరించండి. కెమెరా మోటారు వేగం అందుకునే లోపల ఎక్కువ వెలుతురు పడినవి అవి. డీఫ్లికర్‌కి అవి తగిలితే పక్క ఫ్రేములన్నీ చెడతాయి.

```
ffmpeg -i shot07.mov -vf "deflicker=size=9" -c:v prores_ks -profile:v 3 shot07_df.mov
```

ఇది ఫ్రేము మొత్తాన్ని ఒకే కొలతతో సరిచేస్తుంది. ఒక పక్కే వణికితే దీనితో పోదు. అప్పుడు డావిన్చి రిజాల్వ్ స్టూడియోలో ఉండే `Deflicker` వాడాను.

ఇప్పుడు దుమ్ము. రిజాల్వ్ స్టూడియోలోని `Automatic Dirt Removal` పెట్టాక, ఈసారి తక్కువ స్ట్రెంగ్త్‌లోనే చుక్కలు చాలావరకు పోయాయి. ఎంత సంతోషించానో! సాయంత్రం అమ్మకు చూపించాను. తలంబ్రాల షాట్ రాగానే అమ్మ "ఇదేంటి, ఉత్త చేతులు తిప్పుతున్నారు?" అంది. నిజమే. అత్తయ్య దోసిలి ఎత్తి మామయ్య తల మీద పోస్తోంది, గాల్లో ఒక్క గింజ లేదు. పడే గింజ ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట ఉంటుంది కదా, టూల్ దృష్టిలో దానికీ దుమ్ముకీ తేడా లేదు. అక్షింతలకూ, పన్నీరు చల్లినప్పటి తుంపరకూ, రాత్రి బాణసంచా రవ్వలకూ ఇదే గతి.

నాకు దారి చూపించింది ఫిల్ము రకం. ఇళ్లలో తీసిన సూపర్ 8 ఎక్కువగా రివర్సల్ ఫిల్ము, అంటే కెమెరాలో తిరిగిన ఫిల్మే నేరుగా పాజిటివ్ బొమ్మ. దాని మీద దుమ్ము వెలుతురును అడ్డుకుంటుంది కాబట్టి స్కాన్‌లో ఎప్పుడూ నల్లగానే పడుతుంది. తలంబ్రాలు లేత పసుపు, వెలుగువైపు రంగు. అందుకని టైమ్‌లైన్‌లో కింద అసలు షాట్, పైన దుమ్ము తీసిన షాట్ పెట్టి, పైదాని బ్లెండ్ మోడ్ `Lighten` చేశాను. రెండిట్లో ఏది వెలుగ్గా ఉంటే అదే కనబడుతుంది. నల్ల చుక్క ఉన్నచోట శుభ్రం చేసిన పొర గెలుస్తుంది, గింజ మాయమైన చోట అసలు పొర గెలుస్తుంది. అత్తయ్య ఎర్ర చీర మీద, వెనక నీడ మీద గింజలన్నీ తిరిగొచ్చాయి. మామయ్య తెల్ల పంచె మీద పడ్డవి మాత్రం రాలేదు. తెలుపు కంటే పసుపులో నీలం తక్కువ కాబట్టి అక్కడ శుభ్రం చేసిన పొర గెలిచి గింజను తెల్లబరిచేస్తుంది. ఆ కాసిన్ని ఫ్రేములకు పంచె చుట్టూ మాస్క్ గీసి ఎఫెక్ట్ తీసేశాను. అక్కడ మిగిలిన దుమ్మును `Dust Buster`తో ఒక్కోటీ చేత్తో తుడిచాను.

రెండు పొరలూ ఒక్క ఫ్రేము కూడా తేడా లేకుండా ఒకదానిమీదొకటి కూర్చోవాలి, కాబట్టి స్టెబిలైజ్ చేస్తే ముందే చేసి రెండిటికీ అదే వాడండి. నెగటివ్ నుంచి స్కాన్ చేసిన ఫిల్ము అయితే దుమ్ము తెల్లగా వస్తుంది, అప్పుడు `Darken` పెట్టాలి, గింజలకు ఈ రక్షణ ఉండదు. వేగంగా కదిలే నల్లటి సన్నటి వస్తువులకు రివర్సల్‌లో కూడా రక్షణ లేదు. ఊగే జడ కుచ్చులు ఒక షాట్‌లో తెగిపోయాయి, అక్కడ ఎఫెక్ట్ మానేసి దుమ్మునే ఉండనిచ్చాను. ఏది పోతోందో ముందే చూడాలంటే `Show Repair Mask` పెట్టి చూడండి. ఆ మాస్క్‌లో చేతివేళ్ల ఆకారం కనబడితే స్ట్రెంగ్త్ ఎక్కువైనట్టే.

నిలువు గీతలకు ఈ పద్ధతి ఏదీ పనికిరాదు. ప్రొజెక్టర్‌లో రాసుకున్న గీత వందల ఫ్రేముల దాకా అదే చోట ఉంటుంది, పక్క ఫ్రేముల్లో వెతికితే అక్కడా గీతే దొరుకుతుంది. ముందు గీత రంగు చూడండి. నల్లగా ఉంటే చాలావరకు వెనకవైపు ప్లాస్టిక్ మీద పడింది, కింద బొమ్మ భద్రంగానే ఉంటుంది. వెట్ గేట్ ఉన్న ల్యాబ్‌లో స్కాన్ చేయిస్తే ద్రవం ఆ గాడిని నింపి గీత చాలావరకు కనబడకుండా పోతుంది. నీలంగానో, నీలి ఆకుపచ్చగానో, పూర్తిగా తెల్లగానో ఉంటే ఎమల్షన్ పొరలే లేచిపోయాయి, అక్కడ బొమ్మే లేదు.

వెట్ గేట్ దొరక్కపోతే అవిసింత్ అనే వీడియో స్క్రిప్టింగ్ టూల్‌లో `DeScratch` ఉంది. ఇది అదే ఫ్రేములో గీతకు రెండు పక్కలా ఉన్న బొమ్మతో పూడుస్తుంది. నల్ల గీతలకు మాత్రమే పెట్టి, మొదట `mark=true`తో ఏది గీతనుకుంటోందో చూసుకోండి:

```
DeScratch(modeY=1, minlen=200, maxwidth=3, mark=true)
```

మా రీల్లో ఇది గుమ్మం చట్రాన్నీ, పందిరి గుంజనూ, ఒక చీర జరీ అంచు నీడనూ గీతలని గుర్తు పెట్టింది. అందుకే ఆ షాట్లలో మనుషుల ముఖాల మీద పడ్డ గీతల వరకే, ఆ భాగానికి మాస్క్ గీసి వాడాను. గుమ్మం పక్కనున్న గీతలు అలాగే ఉన్నాయి.

మీరు ఫ్రేముల లెక్క చూసి ఎంత వచ్చిందో, మీ ఫైలు 25దా 30దా అన్నది కింద రాయండి. ఫ్రేములు కలిసిపోయి ఉన్నాయేమో తేల్చుకోవడానికి, చెయ్యి కదిలే చోట వరుసగా ఆరు ఫ్రేముల స్క్రీన్‌షాట్లు పెడితే చాలు, చూసి చెప్తాను.