కందానికి ముందు నాలుగు మాటలు

కడప

చిరంజీవి మనవడికి ఆశీస్సులు.

నీ కందపద్యం అందింది. ఊరి మీద రాయాలనుకోవడం బాగుంది. మొదట ‘కర్నూలు’తో ఎత్తుకుని, కొట్టేసి, ‘కందనవోలు’ అని పాతపేరు పెట్టావు. కొట్టేసి మంచి పని చేశావు. ‘కర్నూలు’లో రెండో అక్షరం ర్న. కందానికి ప్రాస తప్పదు, అంటే మిగతా మూడు పాదాల్లోనూ రెండో చోట ఆ జంటే రావాలి. ‘పూర్ణ’, ‘వర్ణ’ దగ్గరగా వినిపిస్తాయి గానీ అక్కడున్నది ణ. ఇక మిగిలేవి ‘దుర్నీతి’, ‘దుర్నయం’ లాంటివి. వాటితో ఊరిని పొగుడుతావా?

‘కందనవోలు’ అలా కాదు. సున్న తరువాత ద. దీనికి తెలుగులో మాటలు కొల్లలు: సందడి, ముందు, చిందు, విందు, అందం, సందె, పందెం, మందు. ద మీద ఏ అచ్చున్నా పరవాలేదు. ద, ది, దు, దె అన్నీ చెల్లుతాయి. మారకూడనివి హల్లు, దాని ముందున్న సున్న.

నీ రెండో పాదం ‘నదిలో సందడి’ అని మొదలైంది. ద ఉంది కదా అనుకున్నావు. సున్న లేదు, అది ఒక తప్పు. ఇంకొకటి దానికంటే పెద్దది: ‘కం’ గురువు, ‘న’ లఘువు. మొదటి పాదం గురువుతో మొదలైతే నాలుగూ గురువుతోనే మొదలు కావాలి. అయితే నీకు కావలసిన మాట ఆ పక్కనే ఉంది చూడు. ‘సందడి’ని ముందుకు తెచ్చి, నదిని లోపలికి పంపు. తెలుగులో మాటల వరస మార్చినా అర్థం చెడదు కనుక ఈ పని సులువు. పైగా లాభం కూడా ఉంది. ఇప్పుడు ముందు చప్పుడు వినిపించి, తరువాత నీళ్లు కనిపిస్తాయి.

మూడో పాదం ‘కొండారెడ్డి బురుజుపై’. గణాలు తూచినట్టు సరిపోయాయి, అందుకే నీకు తప్పు దొరకలేదు. గగ, భ, స. కానీ అక్కడ ఉన్నది సున్న తరువాత డ. కంటికి ద, డ చుట్టాల్లా ఉంటాయి, చెవి ఒప్పుకోదు. పైకి చదువు: కంద, సంద, కొండ. నాలుక వేరే చోట తగులుతుంది. ల, ళలకు ప్రాస చెల్లుతుంది గానీ ద, డలకు ఆ వెసులుబాటు లేదు. మీ ఊరి బురుజు పేరని ప్రాస మనకోసం వంగదు. పేరు పాదం నడుమకు పోవాలి, లేదంటే ‘బురుజు’ అంటే చాలు. కర్నూలులో ఏ బురుజు అని ఎవరూ అడగరు.

నీ ఊహనే ఉంచి ఇలా కట్టాను:

కందనవోలున రాతిరి
సందడి తుంగమ్మ నీట చల్లగ నణగెన్
ముందటి బురుజున దీపము
చిందెను వెలుగుల నలుగడ చీకటి జడియన్

రెండో పాదంలో సం, చ. నాలుగో పాదంలో చిం, చీ. పాదం మొదటి అక్షరానికి నడుమ జోడుగా పలికే ఇవే యతి. ‘దీపం వెలిగింది’ అని నువ్వు రాసిన చోట ‘చిందెను’ వచ్చింది. అది నా ప్రతిభ కాదు. సున్న, ద కలిసిన క్రియ కోసం వెతుకుతుంటే దొరికింది. వెలగడం ఎవరైనా రాస్తారు, చిందడం ప్రాస ఇచ్చింది.

అందుకని ఇకమీదట మొదటి పాదం పూర్తిగా రాసేసి కూర్చోకు. ఎత్తుగడ మాట దొరకగానే, దాని ప్రాసకు సరిపడే మాటలు కాగితం మీద పది పన్నెండు రాసుకో. వాటిలో నీ విషయానికి పనికొచ్చేవి మూడు తేలితేనే ముందుకు వెళ్లు. ‘మందు’, ‘పందెం’ నీ రాత్రికి పనికిరావు, వదిలెయ్. మూడు తేలకపోతే ఎత్తుగడే మార్చు. నాలుగో పాదం దాకా వచ్చి ఇరుక్కున్నవాళ్లే అర్థం లేని మాటను అతికిస్తారు. ఏ శతకం తిరగేసినా, కవి ఎక్కడ ఇరుక్కున్నాడో నాలుగో పాదం మొదటి మాట చెప్పేస్తుంది.

ఇంత కట్టుబాటు ఎందుకు, వేమన ఆటవెలదికి లేదు కదా అని ఫోనులో వాదించావు. నిజమే, ఆటవెలది, తేటగీతి, సీసాలకు ఈ నియమం లేదు. కావాలంటే అందులో రాసుకో. కందం అని పేరు పెడితే మాత్రం తప్పదు.

మా కడపతో ఎత్తుకుంటే మొదటిది లఘువు, ప్రాస డ. గడప, పడమర, వడగాలి, తడి, గుడి, ఎడద అన్నీ సిద్ధంగా ఉన్నాయి. వచ్చే ఉత్తరంలో ఆ పద్యం పంపు, పక్కన నువ్వు కొట్టేసిన మాటల జాబితా కూడా పెట్టు.

ఇట్లు,
మీ తాత