ఐదో నెలలో దురద, తెల్లబట్ట.. షాపులో ఇచ్చిన మాత్ర మింగవచ్చా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాకు ఐదో నెల. వారం రోజులుగా యోని దగ్గర విపరీతమైన దురద. విరిగిన పెరుగులా తెల్లబట్ట అవుతోంది, వాసన లేదు. మూత్రానికి వెళ్తే మంట. మందుల షాపులో ఒక మాత్ర ఇచ్చి, ఇదొక్కటి మింగితే చాలన్నారు. ఇంకా వేసుకోలేదు. వేడి చేసిందని, వేపాకు నీళ్లతో లోపలి దాకా కడుక్కోమని మా అత్తగారు అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ మాత్ర వేసుకోకండి. అట్ట మీద పేరు చూడండి, బహుశా ఫ్లుకొనజోల్ 150 మిల్లీగ్రాములని ఉంటుంది. గర్భం లేనివారికైతే మేమూ అదే రాస్తాం. గర్భిణులకు రాయం. నోటి ద్వారా తీసుకునే ఫ్లుకొనజోల్ వల్ల గర్భస్రావం ముప్పు పెరగవచ్చని కొన్ని అధ్యయనాలు సూచించాయి. 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడా ఈ విషయంలో హెచ్చరిక జారీ చేసింది. మీలాగే షాపులో కొని, తెలియక ఇప్పటికే ఒక మాత్ర మింగినవారు ఉంటే కంగారు పడనక్కరలేదు, హాని జరిగే అవకాశం తక్కువే. తర్వాతి పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరుకు చెబితే చాలు.

మీరు చెప్పిన లక్షణాలు క్యాండిడా అనే ఫంగస్‌కు సరిపోతున్నాయి. గర్భంలో హార్మోన్లు పెరిగి యోని గోడల్లో చక్కెర వంటి పదార్థం ఎక్కువగా చేరుతుంది, ఈ ఫంగస్ దాని మీదే పెరుగుతుంది. అంతేగానీ వేడి వల్ల కాదు. సబ్జా నీళ్లు, మజ్జిగ తాగితే తాగండి, దీనికి మాత్రం అవి మందు కావు.

గర్భిణులకు వాడదగిన మందు క్లోట్రిమజోల్. ఇది మింగేది కాదు, రాత్రి పడుకునే ముందు యోనిలో పెట్టుకునే మాత్ర. సాధారణంగా 100 మిల్లీగ్రాములది రోజుకొకటి చొప్పున ఏడు రాత్రులు రాస్తాం. చేతులు సబ్బుతో కడుక్కుని, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, వేలితోనే మెల్లగా లోపలికి జరపండి. తగిలినచోట ఆపేయాలి, బలంగా నెట్టకూడదు. పొద్దున్నే లోదుస్తులకు తెల్లటి పొడి అంటుకుంటే మందు పడిపోయిందని అనుకోకండి, కరిగాక మిగిలేది అదే. రెండు మూడు రోజుల్లో దురద తగ్గడం మొదలవుతుంది. చాలామంది అక్కడితో మానేస్తారు, పది రోజుల్లో మళ్లీ వస్తారు. ఏడూ పూర్తి చేయండి.

బయట చర్మం మీద దురదకు అదే మందు క్రీముగా దొరుకుతుంది. కొనేటప్పుడు ట్యూబు మీద ఇంకే పేర్లైనా ఉన్నాయేమో చదవండి. తామరకు అమ్మే క్రీముల్లో క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. దానితో దురద ఒక్క రోజులో పోతుంది, ఫంగస్ మాత్రం పోదు. వేపాకు నీళ్లు, పసుపు, డెట్టాల్ ఏవీ లోపలికి పోనివ్వకండి. అత్తగారి మాట కాదనలేకపోతే ఆ నీళ్లతో కాళ్లు కడుక్కోండి! బయట మామూలు నీళ్లతో కడిగి, ఆరేలా తుడుచుకుంటే చాలు.

అయితే ఇది మీకు మొదటిసారి కాబట్టి, మందు మొదలుపెట్టే ముందు ఒకసారి చూపించుకోండి. లక్షణాలు విని మేము వేసే అంచనా కూడా తప్పవచ్చు. పల్చగా, బూడిద రంగులో, చేపల వాసనతో అవుతుంటే అది బ్యాక్టీరియా వల్ల వచ్చేది. పసుపు పచ్చగా నురగతో అవుతుంటే ట్రైకోమొనాస్ కావచ్చు, అప్పుడు భర్తకూ మందు ఇవ్వాలి. ఈ రెండింటికీ క్లోట్రిమజోల్ మాత్రతో నయం కాదు. నెలలు నిండకుండా కాన్పయ్యే ముప్పుతో వీటికి సంబంధం ఉంది, కాబట్టి వదిలేయకూడదు. దురదా వాసనా లేకుండా పల్చటి పాలలా అవుతుంటే మాత్రం అది గర్భంలో సహజమే, ఏ మందూ అక్కరలేదు.

మీ మంట ఎక్కడుందో గమనించండి. మూత్రం బయటి ఒరిసిన చర్మానికి తగిలి మండితే ఫంగస్ వల్లే. లోపల మండుతూ, మాటిమాటికీ వెళ్లాలనిపిస్తుంటే, జ్వరం లేదా నడుం పక్కన నొప్పి ఉంటే మూత్ర పరీక్ష చేయించాలి. దానితోపాటు షుగరు పరీక్ష కూడా చేయించుకోండి: 75 గ్రాముల గ్లూకోజు తాగాక రెండు గంటలకు 140 లేదా అంతకు పైన వస్తే గర్భధారణ మధుమేహం. ఫంగస్ తగ్గినట్టే తగ్గి తిరిగి వస్తుంటే మొదట అనుమానించేది దీన్నే. ప్రభుత్వాసుపత్రుల్లో ప్రతి నెలా 9న గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి. మీ వైపు చాలామంది ఇక్కడ చూపించుకుని కాన్పుకు పాతపట్నం, టెక్కలి వైపు పుట్టింటికి వెళ్తారు, రిపోర్టులేమో ఇక్కడే బీరువాలో ఉండిపోతాయి. కార్డుతోపాటు అవన్నీ వెంట తీసుకెళ్లండి.

నీళ్లలా కారుతుంటే మాత్రం 9వ తేదీ దాకా ఆగవద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, పొడి గుడ్డ పెట్టుకుని అరగంట చూడండి. మూత్రం వాసన లేకుండా గుడ్డ తడిసిపోతే ఉమ్మనీరు కావచ్చు. అలా అయినా, రక్తం కనిపించినా, కడుపు పట్టేసినట్టు నొప్పులు వచ్చి పోతున్నా, ఏ మందూ లోపల పెట్టుకోకుండా వెంటనే 102కో 108కో ఫోను చేసి ఆసుపత్రికి వెళ్లండి.