నార్లగారి జీవితం రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవికి పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

నిన్న మీ అమ్మ ఫోను చేసి, నువ్వు ఆరు నెలలు సెలవు పెట్టావనీ, నార్ల వెంకటేశ్వరరావుగారు నడిపిన పత్రికలను బట్టి ఆయన జీవితం రాస్తావనీ చెప్పింది. మన ఇంటి పిల్ల పాత పత్రికల జోలికి వెళ్తోందని విని రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషం కొంత, భయం కొంత. ముప్ఫై ఏళ్ళు పత్రికల విభాగంలో కూర్చున్నవాణ్ణి కదా, ఆ కాగితాలు మనుషులను ఎలా మోసం చేస్తాయో నాకు తెలుసు.

ముందు చిన్న విషయాలు. పెన్సిలుతోనే రాసుకో. పెళుసెక్కిన పేజీని మూల పట్టి లాగకు, కింద అట్ట పెట్టి తిప్పు. ముక్కుకు గుడ్డ కట్టుకో. చూసిన ప్రతి సంచికకూ తేదీ, సంపుటి, సంచిక, ఏ గ్రంథాలయంలో చూశావో రాసుకో. మధ్యాహ్నం భోజనం మానకు.

మీ అమ్మ చదివి వినిపించిన నీ జాబితాలో స్వరాజ్య, జనవాణి, ప్రజామిత్ర, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి అని వరసగా ఉంది. ఒక్కొక్కదాని పక్కన పుట్టిన ఏడు, ఆగిన ఏడు వేశావట. నాకు భయం వేసింది అక్కడే. ఆ ఏళ్ళు పత్రికవి తల్లీ, మనిషివి కావు. స్వరాజ్య ప్రకాశం పంతులుగారిది. జనవాణికి సంపాదకులు తాపీ ధర్మారావుగారు, ప్రజామిత్రకు గూడవల్లి రామబ్రహ్మంగారు. నార్లగారు వాటిలో పనిచేశారంటే పని నేర్చుకున్నారని అర్థం. ‘పనిచేసిన పత్రికలు’ అని ఎవరో ఒకరు రాస్తారు, తరవాతివారు దాన్ని ‘సంపాదకత్వం వహించిన పత్రికలు’ అని ఎత్తి రాస్తారు, మూడోవారికి అదే చరిత్ర అయిపోతుంది. నువ్వు ఆ మూడో మనిషివి కాకూడదు.

ఆంధ్రప్రభనే తీసుకో. మద్రాసులో 1938 ఆగస్టు 15న మొదలైంది. మొదటి సంపాదకులు ఖాసా సుబ్బారావుగారు. నార్లగారు అందులో న్యూస్ ఎడిటర్. ఆయన సంపాదకులైంది 1942లో. అంటే ఆయన పేరు పక్కన 1938 అని వేస్తే ఆయనకు ముందు నడిపినవారి నాలుగేళ్ళు నార్లవారి ఖాతాలో పడతాయి. ఆ నాలుగేళ్ళ సంపాదకీయాలన్నీ నార్లగారివే అనుకుని నువ్వు ఉదహరించావంటే పుస్తకం మొదట్లోనే తప్పుదారి పడుతుంది. ముట్నూరి కృష్ణారావుగారి సంగతీ ఇంతే. కృష్ణాపత్రిక 1902లో బందరులో పుట్టింది, ఆయన 1907లో సంపాదకులై 1945లో పోయేదాకా నడిపారు. పత్రిక ఆయనదేనని ఊరంతా అనుకున్నా, మొదటి అయిదేళ్ళూ ఆయన సంపాదకత్వంలోవి కావు.

అందుకని రెండు గీతలు గీసుకో. పై గీత పత్రికది. ఎప్పుడు మొదలైంది, ఏ ఊళ్ళో, ఎప్పుడు ఊరు మారింది, ఎప్పుడు ఆగింది అన్నవి దాని మీద వేయి. కింది గీత మనిషిది, దాని మీద ఏ హోదాలో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్నవి మాత్రమే ఉండాలి. ఆంధ్రప్రభ 1959లో మద్రాసు వదిలి విజయవాడ చేరింది. పత్రిక ఊరు మారడమూ, నార్లగారు పత్రికను వదలడమూ దగ్గరదగ్గరగా జరిగాయి గనుక ఒకదాని తేదీని రెండోదానికి అంటగట్టడం సులువు. అలా చేయకు. ఆ నెలల సంచికలు వరసగా తీసి, చివరి పేజీ అడుగున సన్న అక్షరాల్లో ఉండే ఇంప్రింటు పంక్తి చదువు. ముద్రించినవారు, ప్రచురించినవారు, సంపాదకుడు అని ఉంటుంది. సంపాదకుడి పేరు ఏ రోజు సంచికలో మారిందో చూడు, నీకు కావలసిన తేదీ అదే. సంపాదకుని పేరు ప్రతి సంచిక మీదా అచ్చు వేయాలనే నియమం 1922లో వచ్చింది కాబట్టి నార్లగారి కాలానికి నీకు ఈ సాక్ష్యం ఉంటుంది. అంతకుముందు చట్టం అడిగింది ముద్రాపకుడి పేరు, ప్రచురణకర్త పేరు మాత్రమే. ఆ కాలం మీద పనిచేసేవాళ్ళకు ఈ సౌకర్యం లేదు.

తరవాత ఆంధ్రజ్యోతి. 1960 జులై 1న విజయవాడలో మొదటి సంచిక వచ్చింది. ఇక్కడ మాత్రం పై గీతా కింది గీతా ఒకే రోజు మొదలవుతాయి, ఎందుకంటే మొదటి సంపాదకులు ఆయనే. అంతమాత్రాన కలిసి ముగుస్తాయనుకోకు. ఆ పత్రిక 2000లో ఆగి 2002లో మళ్ళీ వచ్చింది. నార్లగారు 1985 ఫిబ్రవరి 24నే పోయారు, సంపాదకత్వం అంతకు చాలా ముందే వదిలారు. ఇంకొకటి. దినపత్రిక పేరుతోనే వారపత్రిక కూడా ఉంటుంది. ఆంధ్రజ్యోతి వారపత్రికను నడిపినవారు పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు. అట్ట మీద పేరు ఒకటే కదా అని రెండింటినీ కలిపి కట్టకు. 1958 నుంచి 1970 దాకా నార్లగారు రాజ్యసభ సభ్యులు కూడా. ఇది కింది గీత మీద ఇంకో రంగుతో వేసుకో. అప్పుడు ఏ సంవత్సరాల్లో ఆయన ఢిల్లీకీ విజయవాడకూ మధ్య తిరుగుతూ పత్రిక నడిపారో నీకే కనబడుతుంది.

ఇక నా సంగతి చెప్పాలి. మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

1978లో ఒక చిన్న ఊరి వారపత్రిక సంపాదకుడి మీద స్మారక సంచికకు వ్యాసం రాయమని నన్ను అడిగారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నేను ఒక గ్రంథాలయంలో ఆ పత్రిక బైండు సంపుటాలు ఉన్నాయని తెలిసి వెళ్ళి పది రోజులు కూర్చున్నాను. చివరి సంపుటి వెనక అట్ట మీద 1934 అని ఉంది. అందులో చివరి సంచిక జనవరిది. నాకు అంతకంటే ఏం కావాలి? ‘1934 జనవరితో పత్రిక ఆగిపోయింది. ఆ పైన మూడు నాలుగేళ్ళు ఆయన ఏ పనీ చేసినట్టు కనబడదు’ అని రాశాను. ఆ రెండో వాక్యం రాసినప్పుడు నాకు గర్వంగా కూడా ఉంది, ఎవరూ గమనించని ఖాళీని పట్టుకున్నానని.

సంచిక ఆవిష్కరణ రోజున సభ అయిపోయాక ఒకావిడ నా దగ్గరకు వచ్చింది. యాభై దాటి ఉంటాయి. ఆయన కూతురు. చేతిలో పాత చీర ముక్కలో కట్టిన మూట. బల్ల మీద పెట్టి ముడి విప్పింది. లోపల 1935, 36, 37 సంచికలు. కొన్నింటికి టపాకు చుట్టిన కాగితపు పట్టీ ఇంకా ఊడలేదు, దాని మీద చిరునామా ఆయన చేతిరాతలోనే ఉంది. అడుగున ఉన్నది చివరి సంచిక. మొదటి పేజీలో గళ్ళు కట్టి ‘చందాదారులకు మనవి’ అని వేశారు. పత్రిక నిలిపివేస్తున్నామనీ, మిగిలిన చందా మనియార్డరు చేస్తామనీ.

ఆవిడ గొంతు పెంచలేదు. “మా నాన్న ఏ పనీ చేయలేదని రాశారు. ఆ మూడేళ్ళూ రాత్రిళ్ళు ఆయన ప్రూఫులు దిద్దుతుంటే లాంతరు పట్టుకున్నది నేనండీ” అంది.

నేను ఏమీ మాట్లాడలేకపోయాను. సంచిక అచ్చయి ఊరంతా పంచేశారు.

తరవాత వారం మళ్ళీ ఆ గ్రంథాలయానికి వెళ్ళి, మొదటిసారే చేయవలసిన పని చేశాను. అదే గదిలో ఉన్న మిగతా పత్రికల బైండ్లు తీసి చూశాను. వాటిలో నాలుగు పత్రికలు సరిగ్గా 1934 జనవరి దగ్గరే ఆగాయి. ఒకే నెలలో అయిదు పత్రికలు చచ్చిపోవు కదా. చేర్పుల రిజిస్టరు తీయించాను. ఆ ఏడాది నిధులు తగ్గి, గ్రంథాలయం చందాలు మానేసింది. ఆగిపోయింది పత్రిక కాదు, చందా. సాక్ష్యం ఆ చివరి సంచికలో కూడా ఉంది. ధారావాహిక నవల కింద ‘సశేషం’ అని ఉంది, వీడ్కోలు మాట ఒక్కటీ లేదు. హఠాత్తుగా మూతపడ్డ పత్రికలోనూ అలాగే ఉండవచ్చు. కానీ ఆ మాట చూసినవాడు కనీసం అనుమానించాలి. ఇంకో ఊరి పత్రికలో ‘స్వీకారము’ శీర్షిక కింద తమకు అందిన పత్రికల పేర్లు వేసేవారు. 1936లో ఈ వారపత్రిక పేరు అందులో రెండుసార్లు కనబడింది.

కాబట్టి నీ పట్టికలో ‘ఆగిన ఏడు’ అనే గడి కొట్టెయ్. ‘నేను చూసిన చివరి సంచిక’ అని ఒక గడి పెట్టు, దాని పక్కన ‘ఆగినట్టు ఆధారం’ అని ఇంకొకటి. రెండోది చాలా వాటికి ఖాళీగానే ఉంటుంది. ఉండనీ. మొదలుకు కూడా ఇంతే. సంపుటి సంఖ్యను బట్టి వెనక్కి లెక్క కట్టకు, మధ్యలో ఏడాది ఆగి వచ్చిన పత్రిక సంపుటి సంఖ్యను ఆపినచోటి నుంచే కొనసాగించి ఉండవచ్చు.

ఈ పాత పత్రికలన్నీ తిరగేస్తుంటే తెలుగు సంవత్సరాలు తగులుతాయి, అవీ జాగ్రత్త. భారతి మాసపత్రిక మొదటి సంచిక రుధిరోద్గారి పుష్యమాసానిది. రుధిరోద్గారి అంటే 1923 కదా అని వేస్తే తప్పు. ఉగాదితో మొదలయ్యే ఆ సంవత్సరం 1924 వసంతం దాకా సాగింది, పుష్యం వచ్చేది జనవరిలో. భారతి పుట్టింది 1924 జనవరిలో. పుష్యం, మాఘం, ఫాల్గుణం కనబడితే చేయి ఆపి పంచాంగం చూడు.

వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి వెళ్తానన్నావట, మంచిది, అక్కడ పాతవి చాలా ఉన్నాయి. ఒక్కచోట చూసి తృప్తి పడకు. ఒకచోట తెగిన వరస ఇంకోచోట అతుకుతుంది. నార్లగారిని చూసినవాళ్ళు, ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు, వాళ్ళ పిల్లలు ఇంకా ఉంటారు. వాళ్ళను పుస్తకం అచ్చయ్యాక కాదు, ముందే కలుసుకో. ఆ మూట నేను సభకు నెల ముందు చూసి ఉంటే అన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

ఆ రోజు ఆవిడ వెళ్తూ వెళ్తూ చివరి సంచికను నాకే ఇచ్చింది, “మీ దగ్గరైతే జాగ్రత్తగా ఉంటుంది” అంటూ. అది నా ఇనప్పెట్టెలో తెల్లకాగితంలో చుట్టి ఉంది. వేటపాలెం వెళ్ళేముందు ఒక రోజు మా ఇంటికి రా. దాన్ని నీ చేతిలో పెట్టాలి. పెద్దమ్మ నీకోసం గోంగూర నూరి ఉంచుతానంటోంది.

మీ పెదనాన్న