ఫిర్యాదు ఉత్తరాన్ని సగానికి తేవడం

అమ్మాయీ, ఆశీస్సులు.

వాషింగ్ మెషిన్ గురించి కంపెనీకి నువ్వు రాసిన ఉత్తరం చదివాను. మర్యాదగానే ఉంది కానీ రెండు పేజీలు సాగింది. ఒక్క పేజీకి తేవచ్చు.

ముందు నీకేం కావాలో చెప్పే వాక్యం పట్టుకో. "మెకానిక్‌ను పంపి వారంటీ కింద బాగు చేయించగలరు" అన్నది ఎక్కడో చివరి పేరాలో ఉంది. దాన్ని మొదటి వాక్యం చెయ్యి. దాని పైన, 'విషయం' అన్న వరుస కింద మోడల్ నంబరు, సీరియల్ నంబరు, కొన్న తేదీ, బిల్లు నంబరు ఒకేచోట రాయి. ఇవి పేరాల్లో చెల్లాచెదురుగా ఉంటే అవతలివాళ్ళు మళ్ళీ నిన్నే అడుగుతారు.

అసలు కోత పడాల్సింది ఈ ముక్కకి:

"ఎన్నాళ్ళుగానో చక్కగా పనిచేసిన మీ మెషిన్ ఈ మధ్య ఎందుకో సరిగా పనిచేయడం లేదు. మోటారు కాలిపోయినట్టుంది. బట్టలు తీస్తే నీళ్ళోడుతున్నాయి. ఇంట్లో చిన్నపిల్లలతో మేమెంత ఇబ్బంది పడుతున్నామో మీరు దయచేసి అర్థం చేసుకోవాలి."

'ఈ మధ్య', 'సరిగా' అంటే ఎప్పటినుంచో, ఏం జరుగుతోందో తెలియదు. మోటారు సంగతి నీ ఊహ. డ్రమ్ము తిరిగి బట్టలు ఉతుకుతోందంటే మోటారు కాలిపోలేదన్నమాట. లోపలి నీళ్ళు పోకపోతే చాలా మెషిన్లు స్పిన్ మొదలుపెట్టవు, కాబట్టి తేడా నీళ్ళు తోడే పంపులోనో, గొట్టంలోనో ఉండొచ్చు. నువ్వు మోటారని రాస్తే మెకానిక్ ఆ సరంజామాతో వచ్చి, చూసి, వెనక్కి పోతాడు. కనిపించింది మాత్రమే రాయి:

"జూన్ 3 నుంచి ఉతకడం అయ్యాక నీళ్ళు బయటికి పోవడం లేదు, స్పిన్ మొదలవడం లేదు. ఫిల్టరు శుభ్రం చేశాం, గొట్టం మడత పడలేదు. ఇప్పుడు డ్రమ్ములో నీళ్ళు నిలిచి ఉన్నాయి."

ఇందులో ఫిల్టరు మాట మాత్రం ఎంత కుదించినా తీసెయ్యకు. అది లేకపోతే "ఫిల్టరు శుభ్రం చేసి చూడండి" అని జవాబొస్తుంది, వారం పోతుంది. నీళ్ళు నిలిచిన సంగతీ అంతే, వచ్చేవాడు వాటిని తోడేందుకు సిద్ధంగా రావాలి. పిల్లలతో ఇబ్బంది నిజమే, కాదనను. కానీ దానివల్ల మెకానిక్ చేసే పని మారదు కనుక వదిలెయ్యి.

'దయచేసి' అయిదు చోట్ల ఉంది. అడిగే వాక్యంలో ఒకటి ఉంచి, చివర 'ధన్యవాదాలు' అను, చాలు. పదే పదే అంటే బతిమాలినట్టుంటుంది. కోర్టుకి వెళ్తామన్న వాక్యం మొదటి ఉత్తరంలో వద్దు. వాళ్ళింకా కాదనలేదు కదా. 'వీలైనంత త్వరగా' బదులు "జూన్ 20లోగా మెకానిక్ ఏ రోజు వస్తారో తెలపగలరు" అని రాయి. గడువు తేదీ ఉంటే ఆ మర్నాడు ఫోన్ చేసి అడగడానికి నీకూ ఆధారం ఉంటుంది.

బిల్లు నకలు జతచెయ్యి, అసలుది నీ దగ్గరే ఉంచుకో.