ఫోన్‌కు లాన్ కేబుల్ పెడితే ఎప్పుడు ఉపయోగం?

ప్రశ్న: వైఫైలో వీడియో కాల్ మాట్లాడుతుంటే గొంతు తెగిపోతోంది. యూఎస్‌బీ-సీ ఈథర్‌నెట్ అడాప్టర్ కొని ఫోన్‌కు లాన్ వైరు పెడితే బాగుపడుతుందా? అసలు ఫోన్ దాన్ని గుర్తిస్తుందా?

జవాబు: లోపం ఫోన్‌కూ రూటర్‌కూ మధ్య ఉంటే బాగుపడుతుంది. రూటర్ దాటిన తరువాత ఉంటే అడాప్టర్ కొన్నా ఏమీ మారదు. కాబట్టి కొనే ముందు ఆ సంగతి తేల్చుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ యాప్ వేసుకుని, కాల్ తెగే గదిలోనే కూర్చొని, రూటర్ చిరునామాకు పింగ్ పంపి చూడండి. పింగ్ అంటే ఒక చిన్న సందేశం పంపి, దానికి జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో తిరిగి వస్తుందో చూడడం. చాలా ఇళ్లలో ఆ చిరునామా కింద రాసినదే ఉంటుంది. వేరైతే వైఫై వివరాలలో Gateway అన్న చోట కనిపిస్తుంది.

```
ping -c 100 192.168.1.1
```

మా అక్క కాకినాడలో ఇంటి వెనక గదిలో కూర్చొని, అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలకు ఫోన్‌లోనే కర్ణాటక సంగీతం నేర్పుతుంది. రూటర్ ముందు హాల్లో ఉంది, మధ్యలో రెండు ఇటుక గోడలు. ఆ గదిలో పింగ్ కాసేపు 5 మిల్లీసెకన్లలో తిరిగి వచ్చి, ఉన్నట్టుండి 200 దాటేది. కొన్ని అసలు తిరిగి వచ్చేవే కావు. స్పీడ్ టెస్ట్ మాత్రం 40 ఎంబీపీఎస్ చూపేది కనుక, ఇంటర్నెట్ వారికి ఫోన్ చేసినప్పుడల్లా లైను బాగానే ఉందని చెప్పేవారు, అది నిజం కూడా. వీడియో కాల్‌కు ఒకటి రెండు ఎంబీపీఎస్ చాలు. దానికి కావలసింది సమాచారం ఆగకుండా, సమానమైన వ్యవధిలో అందడం. చుట్టుపక్కల ఇళ్ల రూటర్లన్నీ 2.4 గిగాహెర్ట్జ్‌లో అవే కొన్ని ఛానెళ్లను పంచుకుంటాయి కాబట్టి, ప్రతి పరికరం తన వంతు కోసం ఆగాలి, దారిలో పాడైన ప్యాకెట్‌ను మళ్లీ పంపాలి. పాటలో సంగతి మధ్యలో గొంతు మింగుడు పడినట్టు ఆగిపోయేది అందుకే. వైరు పెట్టాక అదే గదిలో పింగ్ ఒకటి రెండు మిల్లీసెకన్ల దగ్గర నిలిచింది.

ఇక ఫోన్ గుర్తిస్తుందా అన్న మాట. బయటి యూఎస్‌బీ పరికరాలను తగిలించుకునే ఓటీజీ సౌకర్యం ఫోన్‌లో ఉండాలి, అడాప్టర్‌లోని చిప్‌కు తగిన డ్రైవర్ ఫోన్‌లో ముందే ఉండాలి. కంప్యూటర్‌లో లాగా డ్రైవర్‌ను తరువాత వేసుకునే వీలు మామూలు ఫోన్లలో లేదు. అందువల్ల పెట్టె మీద రియల్‌టెక్ RTL8153 గానీ, ఏసిక్స్ AX88179 గానీ రాసి ఉన్న అడాప్టర్‌ను ఎంచుకోండి. ఎక్కువ ఆండ్రాయిడ్ ఫోన్లు వీటిని గుర్తిస్తాయి. చిప్ పేరే చెప్పని చవక సరుకుతోనే తలనొప్పి. కొన్ని కంపెనీల ఫోన్లలో సెట్టింగ్స్‌లో OTG connection అనే మీటను ఆన్ చేస్తే తప్ప అడాప్టర్‌లో దీపం కూడా వెలగదు, పైగా కాసేపు వాడకపోతే ఆ మీట దానంతట అదే ఆఫ్ అవుతుంది. యూఎస్‌బీ-సీ పోర్టు ఉన్న ఐఫోన్లలో అడాప్టర్ పెట్టగానే సెట్టింగ్స్‌లో Ethernet అనే వరుస కనిపిస్తుంది.

వైరు రెండో కొసను రూటర్ లాన్ పోర్టులోనే పెట్టాలి. కేబుల్ ఆపరేటర్ ఇంట్లోకి తెచ్చిన వైరును నేరుగా ఫోన్‌కు పెడితే, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో డయల్ కావలసిన కనెక్షన్ అయిన పక్షంలో పనిచేయదు. ఆ పని మామూలుగా రూటర్ చేస్తుంది, ఫోన్లలో ఆ సౌకర్యం సాధారణంగా ఉండదు. వైరు, వైఫై రెండూ ఉన్నప్పుడు ఆండ్రాయిడ్ వైరునే ముందు వాడుతుంది. అయినా మొదటిసారి వైఫై, మొబైల్ డేటా రెండూ ఆపి ఒక పేజీ తెరిచి చూడండి, అప్పుడే ఇంటర్నెట్ వైరు మీద వస్తోందని రూఢి అవుతుంది.

పెద్ద ప్లాన్ ఉండి కూడా వేగం 94 దగ్గరే ఆగిపోతే, దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ లింకు ఉన్నట్టు. అది అడాప్టర్ కావచ్చు, రూటర్ పోర్టు కావచ్చు, ఎనిమిది తీగలలో ఒకటి తెగిన కేబుల్ కూడా కావచ్చు. కాల్స్ కోసమే అయితే దాన్ని పట్టించుకోనక్కరలేదు.

గంటల తరబడి వాడేవారికి అసలు ఇబ్బంది బ్యాటరీ. అడాప్టర్ కరెంటును ఫోన్ నుంచే తీసుకుంటుంది, ఉన్న ఒక్క పోర్టునూ ఆక్రమిస్తుంది. మా అక్కకు పాస్‌త్రూ ఛార్జింగ్ ఉన్న, అంటే ఛార్జర్ కూడా పెట్టుకోగల అడాప్టర్ కొన్నాము. అయితే ఇలాంటి వాటిలో చాలావరకు, ఛార్జర్ పెట్టినా తీసినా కొన్ని క్షణాలు లింకు తెగి మళ్లీ కలుస్తుంది. అందుకే క్లాసుకు ముందే ఛార్జర్ పెడుతుంది. కరెంటు పోయినా అదే తంతు కనుక, రూటర్‌తో పాటు ఆ ఛార్జర్‌ను కూడా ఇన్వర్టర్ ప్లగ్గుకే పెట్టాము.

మీ పింగ్ ఆ గదిలో కూడా స్థిరంగా 10 మిల్లీసెకన్ల లోపే ఉండి, ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కు పంపినప్పుడు మాత్రం ఎగిరిపడుతుంటే అడాప్టర్ కొనవద్దు. ఆ లెక్కలను ఫోటో తీసి ఇంటర్నెట్ వారికి పంపండి. ఒకవేళ రూటర్ 5 గిగాహెర్ట్జ్ ఇచ్చేదై, మీరు దాని గదిలోనే కూర్చోగలిగితే, ముందు దానికి మారి చూడండి. దానికి ఖర్చేమీ లేదు.