బిజినెస్ ప్లాన్ ఒకటే, చదివేవాళ్లు నలుగురు

ప్రశ్న: చిన్న ఫుడ్ యూనిట్ పెట్టాలని బిజినెస్ ప్లాన్ రాసుకున్నాను. బ్యాంకు మేనేజర్, డబ్బు పెడతానన్న మా బావ, సబ్సిడీ ఆఫీసర్, ఒక ఏంజెల్ ఇన్వెస్టర్ అందరూ అడుగుతున్నారు. అందరికీ అదే ఇవ్వొచ్చా, వేరువేరుగా రాయాలా?

జవాబు:

లెక్కల షీట్ ఒక్కటే ఉంచండి. ఎవరికి ఏ పేజీ ముందు పెట్టాలన్నదే మార్చండి. మేం అనంతపురం దగ్గర వేరుశనగ గానుగ నూనె యూనిట్ పెట్టినప్పుడు అలాగే చేశాం. మా అంకెల్ని రౌండ్ చేసి చెబుతాను.

మెషీన్లు 12 లక్షలు, షెడ్డు పని 3 లక్షలు, మొత్తం 15 లక్షలు. సరుకు కొనడానికి వర్కింగ్ క్యాపిటల్ వేరే. మేం వెళ్లింది చిన్న ఫుడ్ యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పీఎంఎఫ్ఎంఈ స్కీమ్ కింద. అందులో అర్హమైన ఖర్చు మీద 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు. మన వాటా కనీసం 10 శాతం. స్థలం ఖరీదు, వర్కింగ్ క్యాపిటల్ సబ్సిడీ లెక్కలోకి రావు. కాబట్టి ఆఫీసర్‌కి ఇచ్చే కాపీలో ఈ 15 లక్షలనే విడిగా, పద్దుల వారీగా చూపించాలి. ప్రతి మెషీన్‌కీ కొటేషన్ జతచేయాలి. వేరుశనగ నూనెకు మార్కెట్ ఎంత పెద్దదో ఆయనకు అక్కర్లేదు. అర్హత ఉందా, కాగితాలు సరిపోయాయా అన్నదే చూస్తారు.

అందరూ పొరబడేది సబ్సిడీ దగ్గరే. మా లెక్కలో అది 5.25 లక్షలు. మా వాటా 1.5 లక్షలు పోను బ్యాంకు లోన్ 13.5 లక్షలు. సబ్సిడీ మంజూరైనా మన చేతికి రాదు. లోన్‌కి ముడిపెట్టి బ్యాంకులోనే ఉంటుంది. లోన్ చివరి విడత అందిన నాటి నుంచి మూడేళ్ల తర్వాత, ఖాతా మొండి బాకీ కాకుండా ఉండి, యూనిట్ నడుస్తుంటేనే లోన్‌లో సర్దుతారు. అంతవరకు ఆ మేరకు వడ్డీ పడదు, అంతే. ప్లాన్‌లో దాన్ని మొదటి ఏడాది ఆదాయంగా రాస్తే బ్యాంకు మేనేజర్ అక్కడే ఆపేస్తారు.

ఆయనకు కావాల్సింది నెలనెలా కట్టగలరా అన్న లెక్క. ఆరు నెలల మారటోరియం, తర్వాత 54 వాయిదాలు అనుకుంటే అసలు నెలకు 25 వేలు. సబ్సిడీ పోను మిగిలిన 8.25 లక్షల మీద 10 శాతం వడ్డీ అనుకుంటే మొదట్లో ఇంకో 7 వేల దాకా వస్తుంది. అంటే నెలకు 32 వేలు. దానికి ఒకటిన్నర రెట్లు, 48 వేలు, వాయిదా కట్టకముందు మిగులుతుందని చూపించాలి. మేం అమ్మకాలు 20 శాతం తగ్గితే ఏమవుతుందో కూడా ఒక పేజీ పెట్టాం. మేనేజర్ ఎక్కువసేపు చదివింది ఆ పేజీనే.

ఆ అమ్మకాల అంకెను మెషీన్‌తో సరిచూసుకోండి. మాది రోజుకు 200 కిలోల పప్పు ఆడేది, నూనె దాదాపు 80 కిలోలు దిగుతుంది. నెలకు 25 రోజులు నడిస్తే 2 వేల కిలోలు. కొటేషన్‌లో ఈ కెపాసిటీ ఉండి, ప్లాన్‌లో 3 వేల కిలోలు అమ్ముతామని ఉంటే ఎవరైనా పట్టేస్తారు.

ఇక మీ బావ గారు. వీళ్లకు ప్లాన్ ఇవ్వనక్కర్లేదని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అన్నిటికంటే జాగ్రత్తగా రాయాల్సింది ఈ కాపీనే. మా బావ మొదట అడిగిన మాట, "సబ్సిడీ రాగానే నా డబ్బు ఇచ్చేస్తావా?" అని. మూడేళ్లు అది కదలదని రాసి చూపించాక ఇద్దరికీ టెన్షన్ తగ్గింది. ఆయన కాపీలో రెండు పేజీలే. ఆయన పెట్టేది అప్పా, వాటానా? కోత అయ్యాక పప్పు కొనే నెలల్లో చేతిలో డబ్బు ఎంత అడుగంటుతుంది? నష్టం వస్తే ఎవరి మీద ఎంత? పార్ట్‌నర్‌షిప్ అయితే డీడ్‌లో రాసుకోకపోతే 1932 చట్టం ప్రకారం లాభనష్టాలు సమానం, రోజంతా గానుగ దగ్గర నిలబడే మీకు జీతం అడిగే హక్కు ఉండదు. పైగా సంస్థ బాకీకి ఆయన సొంత ఆస్తి కూడా బాధ్యత వహించాల్సి వస్తుంది. ఇది ఆయనకు ముందే తెలియాలి.

ఏంజెల్ ఇన్వెస్టర్ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆయన షేర్లు కొంటారు, కాబట్టి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉండాలి. వాయిదా కట్టడం ఆయనకు చాలదు, యూనిట్ ఎన్నో రెట్లు పెరగాలి. ఒక ఊళ్లో ఒక గానుగతో ఆ మాట చెప్పలేం. అందుకే మేం ఆ దారిలో వెళ్లలేదు. మీకు సొంత బ్రాండ్ ఉండి, కొన్నవాళ్లు మళ్లీ కొంటున్నారని బిల్లులతో చూపగలిగితే వెళ్లండి, లీటరుకు ఎంత మిగులుతుందన్నది మొదటి పేజీలో పెట్టండి. అయితే బ్యాంకుకి ఇచ్చిన ప్రొజెక్షన్లు ఆయన తప్పకుండా అడుగుతారు. రెండిట్లో అంకె తేడా ఉంటే మీరు తట్టుకోలేరు. బ్యాంకుకి చూపింది జాగ్రత్త లెక్క అయితే దాన్నే పెట్టి, ఆయన డబ్బు వస్తే పెరిగేది ఎంతో పక్కన వేరే వరుసలో రాయండి. లోన్ నడుస్తుండగా ఆయనకు వాటా ఇవ్వాలంటే బ్యాంకు అనుమతి అవసరమా అన్నది శాంక్షన్ లెటర్‌లో చూసుకోండి.